చెమట పరీక్ష నుంచి ఉప్పునీటి నెబ్యులైజర్ దాకా: మా పాప సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో మొదటి ఏడాది

మా పాపకు ఐదో ఏడు నడుస్తుండగా, పోయిన ఫిబ్రవరిలో సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. అప్పటికి ఆ జబ్బు పేరు మేము విని కూడా ఎరగం. ఏడాది గడిచింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీ పిల్లలకు చెమట పరీక్ష రాసిచ్చి ఉంటే, లేదా రిపోర్టు చేతికొచ్చి ఏం చెయ్యాలో తోచక కూర్చుని ఉంటే, మున్ముందు ఏమేం ఎదురవుతాయో కొంచెమైనా తెలుస్తుందని.

అంతకు ముందు సెప్టెంబరులో పాపకు న్యుమోనియా వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై భాగం తెల్లగా కనపడింది. యాంటీబయాటిక్ వాడితే జ్వరం తగ్గింది గానీ దగ్గు పూర్తిగా పోలేదు. పొడి దగ్గు కాదది. పొద్దున్నే లేవగానే ఛాతీలో గరగరమంటూ వచ్చే తడి దగ్గు. ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. మందు వాడిన వారం బాగుండేది, మూడు వారాలకల్లా మళ్ళీ మొదలయ్యేది. డిసెంబరులో తీసిన ఎక్స్‌రేలో కూడా అదే చోట అదే తెలుపు. ఆ ఎక్స్‌రే ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరు గారు దగ్గు గురించి కాకుండా వేరే ప్రశ్నలు అడిగారు. మలం జిడ్డుగా, దుర్వాసనతో ఎక్కువగా వస్తుందా? బాగా తిన్నా బరువు పెరగడం లేదా? ఆడుకుని చెమట పట్టాక నుదుటి మీద తెల్లటి ఉప్పు చారలు కనపడతాయా? మూడింటికీ అవుననే చెప్పాను. ముద్దు పెట్టుకుంటే పాప బుగ్గ ఉప్పగా ఉంటుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. దగ్గుకూ దానికీ సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

చెమట పరీక్షకు మూడు వారాల తర్వాత తేదీ దొరికింది. ఆ మూడు వారాల టెన్షన్ చెప్పలేను. పరీక్ష మాత్రం నేను భయపడినంత లేదు. సూది లేదు, పరగడుపున ఉండక్కర్లేదు. చేతులకు ఆ రోజు క్రీములు రాయొద్దని, నీళ్ళు బాగా తాగించమని చెప్పారు. ముంజేతి మీద పైలోకార్పిన్ అనే మందు ఉన్న చిన్న జెల్ బిళ్ళలు పెట్టి, ఐదు నిమిషాలు చాలా తక్కువ కరెంటు పంపిస్తారు. చెమట గ్రంథులను పనిచేయించే మందు అలా చర్మంలోకి దిగుతుంది. పాప చీమలు పాకుతున్నట్టుంది అంది, అంతే. ఆ చోట ఎర్రగా కందింది, సాయంత్రానికి పోయింది. తర్వాత అక్కడే ఒక చిన్న చుట్ట గొట్టం కట్టి అరగంట ఆగుతారు, అందులోకి చెమట ఎక్కుతుంది.

మొదటిసారి చాలినంత చెమట రాలేదు. ఆ గొట్టంలో కనీసం 15 మైక్రోలీటర్లు రావాలట, అంటే ఒక నీటి బొట్టులో మూడో వంతు లాంటిది. అది కూడా రాకపోతే లెక్క కట్టకూడదు. తక్కువ చెమటతో కట్టిన అంకె నమ్మదగ్గది కాదు కాబట్టి, మళ్ళీ రమ్మన్నారంటే విసుక్కోకండి. మేము వారం తర్వాత వెళ్ళినప్పుడు పాపకు స్వెట్టరు వేసి, చేతులు వెచ్చగా చుట్టి ఉంచాం. ఈసారి రెండు చేతుల నుంచీ సరిపడా వచ్చింది.

రిపోర్టు ఆ సాయంత్రమే ఇచ్చారు. చెమటలో క్లోరైడ్ కుడి చేతికి 96, ఎడమ చేతికి 94. లీటరుకు 30 మిల్లీమోల్స్ కంటే తక్కువైతే ఈ జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. 60, ఆపైన వస్తే జబ్బు ఉన్నట్టే. మధ్యలో వచ్చినవాళ్ళకు మళ్ళీ పరీక్షలు చేస్తారు. మా విషయంలో అనుమానానికి చోటే లేకపోయింది. మా ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు డాక్టరు గారు మాకు చాలా సమయం ఇచ్చారు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "చెమటలో ఉప్పు ఎక్కువైతే ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయి?" ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది ఇక్కడ రాస్తాను. ఎందుకంటే ఆ తర్వాత ఏడాదంతా మేము రోజూ చేస్తున్న పనులన్నీ ఆ బొమ్మలోంచి వచ్చినవే.

మన కణాల పైపొరలో సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది క్లోరైడ్ రాకపోకలకు ఒక దారి. తెరుచుకుంటే క్లోరైడ్ వెళ్తుంది, మూసుకుంటే ఆగుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది, 1989లో కనుక్కున్నారు. ఆ ప్రోటీన్ సరిగ్గా తయారు కాకపోవడమే ఈ జబ్బు. ఒకే దారి చర్మంలో ఒక పని, ఊపిరితిత్తుల్లో దాదాపు తిరగేసిన పని చేస్తుంది. చెమట గ్రంథి అడుగున ఉప్పునీరు ఊరుతుంది. అది పైకి వచ్చే నాళంలో ఈ దారి గుండా క్లోరైడ్ తిరిగి ఒంట్లోకి వెళ్ళిపోతుంది, దాని వెంట సోడియం కూడా పోతుంది. అందుకే మామూలు వాళ్ళ చెమటలో ఉప్పు తక్కువ. దారి మూసుకుపోతే ఉప్పు వెనక్కి పోలేక చెమటతో పాటు బయటికి వచ్చేస్తుంది. పాప నుదుటి మీద చారలు అవే.

శ్వాసనాళాల్లో అదే దారి గుండా క్లోరైడ్ కణంలోంచి బయటికి, గాలి వెళ్ళే వైపుకి రావాలి. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది కాబట్టి, ఆ క్లోరైడ్‌తో పాటు నీరు వచ్చి నాళం లోపలి గోడను తడిగా ఉంచుతుంది. ఆ తడి పొర మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, సుమారు 7 మైక్రోమీటర్లు. గోడ మీద ఉండే సన్నని నూగు వెంట్రుకల ఎత్తూ దాదాపు అంతే. ఆ నీటిలో అవి నిటారుగా నిలబడి కొట్టుకుంటూ, పైన తేలే శ్లేష్మాన్ని, అందులో చిక్కుకున్న దుమ్మునూ సూక్ష్మక్రిములనూ గొంతు వైపుకి నెడుతూ ఉంటాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం.

క్లోరైడ్ బయటికి రాకపోతే నీరూ రాదు. దానికి తోడు సోడియాన్ని లోపలికి లాక్కునే ఇంకో దారి తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఉన్న నీరు కూడా కణాల్లోకి ఇంకిపోతుంది. పొర ఎండుతుంది. నీళ్ళు తగ్గిన కాలువలో తెడ్డు బురదకు తగిలి ఆగినట్టు, నూగు వెంట్రుకలు శ్లేష్మం బరువు కింద ఒరిగిపోయి కదలలేవు. మామూలు శ్లేష్మంలో నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది పాళ్ళు నీరే. ఇక్కడ నీరు తగ్గి గట్టి పదార్థం పాలు కొన్ని రెట్లు పెరుగుతుంది, జిగురు జిగురుగా గోడకు అతుక్కుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ దారి గుండా బైకార్బొనేట్ కూడా బయటికి రావాలి. గ్రంథిలో చుట్టచుట్టుకుని దగ్గరగా కుదించి ఉన్న శ్లేష్మం అణువులు బయటికొచ్చి విప్పారాలంటే బైకార్బొనేట్ కావాలి. అది లేకపోతే అవి సరిగ్గా విచ్చుకోవు, తీగల్లా అంటుకునే ఉంటాయి. అందుకని పాపకు ఎంత నీళ్ళు తాగించినా కఫం పలచబడదని ఆయన స్పష్టంగా చెప్పారు. నోటి నుంచి తాగిన నీరు ఆ గోడ మీదికి రావడానికే దారి లేదు.

ఇది విన్నాక నాకు భయం తగ్గలేదు, కానీ భయానికి ఒక ఆకారం వచ్చింది. ఎక్కడ ఏం చెడిందో తెలియడం వేరు.

జన్యు పరీక్షకు రక్తం అదే వారంలో ఇచ్చాం, ఫలితం రావడానికి ఆరు వారాలు పట్టింది. ఏప్రిల్‌లో వచ్చింది. ఆ జన్యువుకు రెండు కాపీలు ఉంటాయి. పాపకు ఒక కాపీలో ఎఫ్508డెల్ అనే లోపం, ఇంకో కాపీలో జి542ఎక్స్ అనే లోపం. మొదటిది అన్నిటికంటే ఎక్కువగా కనపడే లోపం. జన్యువులో మూడు అక్షరాలు రాలిపోవడం వల్ల ప్రోటీన్‌లో 508వ స్థానంలో ఉండాల్సిన ఒక అమైనో ఆమ్లం ఉండదు. దాంతో ప్రోటీన్ సరిగ్గా మడత పడక, కణం దాన్ని పైపొర దాకా పంపకుండానే విరిచేస్తుంది. రెండోదాంట్లో మధ్యలోనే ఆగమనే గుర్తు పడింది కాబట్టి పూర్తి ప్రోటీన్ తయారే కాదు. ఒకటి నా దగ్గర నుంచి, ఒకటి మా ఆయన దగ్గర నుంచి. మా ఇద్దరికీ రెండో కాపీ బాగుంది కాబట్టి మాకు ఏ లక్షణమూ లేదు. ప్రతి కానుపుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మా బాబుకు తొమ్మిదేళ్ళు, వాడికి ఏ ఇబ్బందీ లేకపోయినా చెమట పరీక్ష చేయించమన్నారు. వాడి అంకె మామూలుగా వచ్చింది. ఆ రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, పాప రిపోర్టు వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు.

జీర్ణానికి సంబంధించిన మందులు ఫిబ్రవరిలోనే మొదలయ్యాయి. క్లోమం నాళాలు కూడా ఇదే కారణంతో మూసుకుపోతాయి కాబట్టి ప్రతి భోజనంతో ఎంజైమ్ క్యాప్సూల్స్, కొవ్వులో కరిగే విటమిన్లు, వేడి రోజుల్లో అదనంగా ఉప్పు. రెండు నెలల్లో పాప బరువు పెరగడం మొదలైంది, అది మాకు దక్కిన మొదటి మంచి వార్త. దాని గురించి ఇంతకంటే రాయను, ఊపిరితిత్తుల సంగతే పెద్దది.

మార్చి మొదటి వారంలో ఉప్పునీటి నెబ్యులైజర్ మొదటి డోసు ఆస్పత్రిలోనే ఇచ్చారు. 7 శాతం ఉప్పునీరు, 4 మిల్లీలీటర్లు. సెలైన్ బాటిల్లో ఉండేది 0.9 శాతం, సముద్రపు నీరు సుమారు 3.5 శాతం. అంటే ఇది సముద్రం కంటే రెట్టింపు ఉప్పన. ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు దగ్గు తేలిగ్గా ఉంటోందని అక్కడి డాక్టర్లు గమనించారని, 2006లో అక్కడి పెద్ద అధ్యయనంలో దీనివల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని తేలిందని చెప్పారు. లోపలి నుంచి రావలసిన ఉప్పు రావడం లేదు కాబట్టి, మనం పై నుంచి ఉప్పు చల్లుతున్నాం. ఆ ఉప్పు కణాల్లోంచి నీటిని పైకి లాగుతుంది. డాక్టరు గారి బొమ్మలో మూసుకుపోయిన దారిని పక్కనుంచి చుట్టి వెళ్ళడం ఇది.

ఆస్పత్రిలో ఎందుకంటే, అంత ఉప్పు తగిలితే కొంతమందికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ముందు పాప చేత బలంగా ఊదించి ఎంత గాలి వదలగలదో కొలిచారు, తర్వాత శ్వాసనాళాలు తెరిచే ఇన్‌హేలర్ ఇచ్చి పావుగంట ఆగారు, అప్పుడు ఉప్పునీరు, మళ్ళీ ఊదించి కొలిచారు. పాపకు కొంచెం తగ్గింది కానీ పరిమితి లోపలే ఉంది. మొదటి రెండు నిమిషాల్లో దగ్గి దగ్గి ముఖం కందిపోయింది, "ఉప్పు! ఉప్పు!" అని మాస్కు లాగేసింది. నేను ఆపేయమని అనబోయాను. ఫిజియోథెరపిస్ట్ నా చెయ్యి పట్టుకుని, "దగ్గు రావడమే కావాలమ్మా, కదులుతోందన్నమాట" అంది. ఆ రోజు నెబ్యులైజర్ అయ్యాక పాప గొంతులోంచి వచ్చిన తెమడ చూస్తే, ఇన్ని నెలలు ఇది లోపల ఉందా అనిపించింది. ఆకుపచ్చగా, చిక్కగా, టిష్యూ మీద పడితే జారకుండా అక్కడే నిలబడింది.

ఉప్పునీరు ఒక్కటే సరిపోదు, అది పలచబరుస్తుందే గానీ బయటికి నెట్టదు. ఆ పని ఫిజియోథెరపీది. చిన్నపిల్లలకు మా ఫిజియోథెరపిస్ట్ నేర్పింది బుడగల సీసా. సీసాలో పది సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు పోసి, గొట్టం అడుగు దాకా పెట్టి, పాప ఊదుతూ బుడగలు తెప్పించాలి. నీటి బరువుకు ఎదురు ఊదాలి కాబట్టి నాళాలు మూసుకోకుండా తెరిచి ఉంటాయి, గాలి పక్క దారుల్లోంచి కఫం ముద్ద వెనక్కి చేరుతుంది. పది పన్నెండు సార్లు నెమ్మదిగా ఊదాక, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టేలా "హా" అని బలంగా వదలాలి. దాన్ని హఫ్ అంటారు. గొంతు బిగించి దగ్గితే చిన్న నాళాలు నలిగి మూసుకుపోతాయి, హఫ్‌లో అలా కాదు. వెనక్కి చేరిన గాలి ముద్దను ముందుకు తోస్తుంది. గరగర శబ్దం ఛాతీ కింది నుంచి పైకి వచ్చాకే దగ్గించాలి. నేను వీపు మీద చెయ్యి పెడితే ఆ గరగర ఎక్కడుందో తెలుస్తుంది, ఇప్పుడు అది నాకు బాగా అలవాటైంది. సీసాలో నీళ్ళు ప్రతిసారీ పారబోసి కడిగి ఆరబెట్టాలి.

మూడో మందు డోర్నేజ్ ఆల్ఫా. దీని సంగతి నాకు చాలా ఆశ్చర్యంగా అనిపించింది. కఫం కదలకపోతే అందులో సూక్ష్మక్రిములు స్థిరపడతాయి. వాటిని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి అక్కడే చచ్చిపోతాయి. చచ్చిన ప్రతి కణంలోంచీ డీఎన్ఏ బయటపడుతుంది. ఆ పొడుగాటి పోగులే కఫాన్ని ఇంకా బంకగా చేస్తాయి. డోర్నేజ్ ఆ పోగులను కత్తిరిస్తుంది. రోజుకు ఒకసారి 2.5 మిల్లీగ్రాములు, ఫ్రిజ్‌లోనే ఉంచాలి, వేరే ఏ మందుతోనూ ఒకే కప్పులో కలపకూడదు. అదే తెల్లకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ కూడా వదులుతాయి. అది సూక్ష్మక్రిములనే కాదు, శ్వాసనాళం గోడలోని సాగే పోగులనూ తినేస్తుంది. గోడ పట్టు సడలి నాళం వెడల్పవుతుంది, వెడల్పైన చోట కఫం ఇంకా ఎక్కువగా నిలుస్తుంది, మళ్ళీ క్రిములు, మళ్ళీ తెల్లకణాలు. ఊపిరితిత్తి పాడవడం అంటే ఇదే, క్లోరైడ్ నేరుగా ఏదీ పాడుచెయ్యదు.

ఏప్రిల్‌లో జన్యు ఫలితంతో పాటే సీటీ స్కాన్ తీశారు. ఊదే పరీక్షలో పాప ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో బలంగా వదలగలిగే గాలి, తన ఎత్తుకు ఉండాల్సినదాంట్లో 96 శాతం వచ్చింది. చాలా సంతోషించాం. స్కాన్ చూస్తే కుడి పై భాగంలో రెండు నాళాలు అప్పటికే కొంచెం వెడల్పయ్యాయి, వాటి గోడలు మందంగా ఉన్నాయి. అదెలాగని అడిగాను. ఈ జబ్బు మొదట చిన్న చిన్న నాళాల్లో, అక్కడక్కడ మొదలవుతుందట. మిగతా ఊపిరితిత్తి బాగుంటే మొత్తం గాలి లెక్క తగ్గదు. ఊదే పరీక్ష మామూలుగా ఉందంటే లోపలంతా మామూలుగా ఉందని కాదు. వెడల్పైన నాళం మళ్ళీ మునుపటిలా అవుతుందని ఎదురుచూడొద్దని, పెరగకుండా చూసుకోవడమే పని అని సూటిగా చెప్పారు. ఆ మాట మింగుడు పడటానికి నాకు చాలా కాలం పట్టింది.

ఖర్చు సంగతి. మందుల కంటే ముందు మా కాలం ఖర్చయింది. పొద్దున ఇన్‌హేలర్, ఉప్పునీరు, బుడగలు, హఫ్. సాయంత్రం మళ్ళీ అన్నీ, వాటికి తోడు డోర్నేజ్. కడగడం, మరిగించడం కలిపితే రోజుకు రెండు గంటలకు తక్కువ పట్టదు. నేను ఉద్యోగంలో పని గంటలు తగ్గించుకున్నాను, జీతమూ ఆ మేరకు తగ్గింది. ఎవరూ ముందుగా చెప్పని ఖర్చులు కొన్ని ఉంటాయి. నెబ్యులైజర్ కప్పు శాశ్వతం కాదు, తుంపర లావై సమయం ఎక్కువ పడుతుంటే మార్చాలి. ఉప్పు పేరుకుంటే కంప్రెసర్ గొట్టం చివర్లు కూడా పాడవుతాయి. ఒక కప్పు ఆరుతుండగా వాడటానికి ఇంకొకటి ఉండి తీరాలి. కప్పును సబ్బు నీళ్ళతో కడిగి, ఐదు నిమిషాలు మరిగించి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే పని అంతా వృథా, ఎందుకో జూన్‌లో తెలిసింది.

జూన్ మొదట్లో మూడు నెలల చెకప్. పాప హుషారుగా ఉంది, దగ్గు చాలా తగ్గింది, బరువు పెరిగింది. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి కల్చర్‌కు పంపారు. ఐదు రోజుల తర్వాత నర్సు ఫోన్ చేసింది. సూడోమోనాస్ ఎరుజినోసా పెరిగింది. పాప ఆ సమయానికి తాడాట ఆడుతోంది. ఫోన్ పెట్టేసి దాన్ని చూస్తూ నిలబడ్డాను, ఏ తేడా కనపడలేదు.

ఈ బాక్టీరియా సింకుల్లో, కాలువల్లో, నిలవ నీటిలో, తడి మన్నులో మామూలుగా ఉండేదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పీల్చినా నూగు వెంట్రుకలు బయటికి తోసేస్తాయి. కదలని కఫంలో అలా జరగదు. ముద్ద లోపల ఆక్సిజన్ చాలా తక్కువ, అయినా అది బతకగలదు. మొదట్లో ఒంటరి కణాలుగా ఉంటుంది, అప్పుడు మందుకు లొంగుతుంది. నెలలు గడిచి తన చుట్టూ జిగురు తొడుగు కట్టుకుని గుంపుగా స్థిరపడిందంటే ఇక పూర్తిగా పోగొట్టడం చాలా కష్టం. అందుకే లక్షణాలు లేకపోయినా ప్రతి మూడు నెలలకూ నమూనా తీస్తారు, కనపడిన వెంటనే మందు మొదలుపెడతారు. చాలా ఇళ్ళల్లో దగ్గు లేదు కదా అని ఈ చెకప్పులు వాయిదా వేస్తారని నర్సు బాధపడింది. మీరు మాత్రం అలా చెయ్యకండి, ఈ ఒక్క విషయం గట్టిగా చెప్తాను.

టోబ్రామైసిన్ నెబ్యులైజర్‌లో, 300 మిల్లీగ్రాములు రోజుకు రెండు సార్లు, 28 రోజులు. ఫిజియోథెరపీ అయ్యాక, చివర్లో ఇవ్వాలి. కఫం ముందు ఖాళీ అయితేనే మందు గోడను తాకుతుంది. వేరే పిల్లలెవరూ లేని గదిలో, కిటికీ తెరిచి ఇచ్చేవాళ్ళం. రెండో వారంలో పాప గొంతు బొంగురుపోయింది, అది మామూలేనని చెప్పారు. కోర్సు చివరికి వచ్చేసరికి ఇంట్లో అందరం అలిసిపోయాం. మా ఆయన తెల్లవారకముందే లేచి కప్పులు మరిగించి పెట్టేవారు, పాప నిద్రమత్తులోనే మాస్కు పెట్టించుకునేది. కథలన్నీ అయిపోయి, గది బయట నుంచే నెబ్యులైజర్ చప్పుడు మీదుగా అరుస్తూ బాబు తన క్లాసు పాఠాలు చదివి వినిపించేవాడు.

కోర్సు అయిన నెలకు, జులై చివర్లో నమూనా ఇచ్చాం. ఐదు రోజులు ఫోన్ చేతిలోంచి దించలేదు. సూడోమోనాస్ లేదు. ఒక్కసారి లేదంటే పోయినట్టు కాదని, వరసగా కొన్ని నమూనాల్లో రాకూడదని చెప్పారు. అక్టోబరులో, జనవరిలో కూడా రాలేదు.

అక్టోబరులో మాత్రం ఒక మామూలు జలుబు మమ్మల్ని వణికించింది. మూడో రోజుకు తడి దగ్గు తిరిగొచ్చింది, రాత్రి నిద్రలో కూడా. తెమడ రంగు మారి చిక్కబడింది, ఆకలి తగ్గింది, ఊదితే ఎఫ్ఈవీ1 84కి పడింది. జ్వరం లేదు. జ్వరం లేకపోయినా జబ్బు తిరగబెట్టినట్టేనని, ఈ గుర్తులు చాలునని డాక్టరు గారు ఫోన్‌లోనే రెండు వారాల యాంటీబయాటిక్ రాశారు, ఫిజియోథెరపీ రోజుకు నాలుగుసార్లు చెయ్యమన్నారు. నెల తర్వాత 95కి వచ్చింది. తిరగబెట్టిన ప్రతిసారీ అందరికీ మునుపటి అంకె తిరిగి రాదట, అందుకే తొందరగా మొదలుపెట్టడం మీద ఆయన అంత పట్టుదలగా ఉంటారు.

చెకప్పుల రోజు ఇంకొకటి మనసును కలిచివేస్తుంది. అదే జబ్బున్న ఇంకో చిన్న పిల్లాడు కారిడార్ చివర కనపడతాడు. ఇద్దరినీ దగ్గరికి రానివ్వరు, కనీసం రెండు మీటర్ల దూరం. ఒకరి ఊపిరితిత్తుల్లోని మొండి బాక్టీరియా ఇంకొకరికి అంటుకోవచ్చు. ఇద్దరూ దూరం నుంచి చేతులు ఊపుకుంటారు. వాళ్ళమ్మా నేనూ ఫోన్‌లో మాట్లాడుకుంటాం, ఈ ఏడాదిలో నాకు దొరికిన పెద్ద ఆసరా ఆవిడే.

ఇప్పుడు మేము ఎదురుచూస్తున్నది చెడిన ప్రోటీన్‌నే సరిచేసే మందు కోసం. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిసిన మందు అది. మొదటి రెండూ ఎఫ్508డెల్ ప్రోటీన్ సరిగ్గా మడత పడి పైపొర చేరేలా చూస్తాయి, మూడోది అక్కడికి చేరిన దారిని తెరిచి ఉంచుతుంది. అమెరికాలో 2019లో పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు అనుమతి వచ్చింది, 2023లో రెండేళ్ళ పిల్లల దాకా ఇచ్చారు. పాపకు ఒక కాపీ అయినా ఎఫ్508డెల్ ఉండటం అదృష్టం. రెండు కాపీలూ జి542ఎక్స్ లాంటివే అయితే సరిచెయ్యడానికి ప్రోటీనే ఉండదు, ఆ మందు పనిచెయ్యదు. కారిడార్ చివరి పిల్లాడి పరిస్థితి అదే. వాళ్ళమ్మతో ఈ మందు మాట ఎత్తడానికి నాకు నోరు రాదు.

మందు విపరీతమైన ఖరీదు, మాలాంటి వాళ్ళు సొంతంగా కొనగలిగేది కాదు. ఖర్చు భరించమని నవంబరులో దరఖాస్తు పెట్టాం. జనవరిలో ఇంకో కాగితం కావాలన్నారు, ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ముందుగా చెయ్యాల్సిన పరీక్షలు పూర్తిచేశాం. లివర్ ఎంజైములు ఎంతున్నాయో రక్తపరీక్ష, కంటిలో శుక్లం ఏమైనా ఉందేమోనని కళ్ళ పరీక్ష, రెండూ మామూలుగానే ఉన్నాయి. మందు మొదలయ్యాక లివర్ పరీక్ష మొదట్లో తరచుగా చేస్తారు. కొవ్వు ఉన్న ఆహారంతోనే వెయ్యాలి, లేకపోతే ఒంటికి పట్టదు.

అది వచ్చాక ఉప్పునీరు ఆపేయొచ్చా అని పోయిన వారం వార్షిక చెకప్‌లో అడిగాను. పన్నెండేళ్ళు దాటి, ఆ మందు మీద ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళలో ఉప్పునీరో డోర్నేజో ఆరు వారాలు ఆపి చూశారని, అంతలో ఎఫ్ఈవీ1లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని డాక్టరు గారు చెప్పారు. కానీ మా పాప వయసు వేరు, నాళాలు రెండు ముందే వెడల్పయ్యాయి, ఆరు వారాలు ఆరేళ్ళు కావు. కాబట్టి ముందు మందు రానివ్వండి, చెమటలో క్లోరైడ్ మళ్ళీ కొలుద్దాం, ఎంత దిగిందో చూసి మాట్లాడుకుందాం అన్నారు. ఆ రోజు అదే జెల్ బిళ్ళలు, అదే అరగంట. ఈసారి స్వెట్టరు ముందే తీసుకెళ్తాను.